చీటీకి చిరునామా

జర్మనీలోని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయం దగ్గర చెక్క సొరుగుల నిండా సుమారు 90 వేల చీటీలు ఉన్నాయి. అన్నీ ఒక్క మనిషి రాసుకున్నవే. నిక్లాస్ లూమన్ లా చదివి, కొన్నేళ్లు ప్రభుత్వోద్యోగం చేసి, 1968లో బీలెఫెల్డ్‌లో సామాజిక శాస్త్ర ఆచార్యుడయ్యారు. 1950ల మొదట్లోనే చీటీలు రాయడం మొదలుపెట్టి దాదాపు 45 ఏళ్లు రాస్తూ వచ్చారు. లెక్క వేస్తే సగటున రోజుకు అయిదారు చీటీలు. ఆ పెట్టె ముందు కూర్చునే ఆయన దాదాపు 50 పుస్తకాలు, వందల వ్యాసాలు రాశారు. జర్మన్‌లో దీన్ని త్సెట్టెల్‌కాస్టెన్ అంటారు. చీటీల పెట్టె అని అర్థం, అంతే.

చదివిన పుస్తకాన్నీ, నేర్చుకున్న కోర్సునీ, చేసిన పనినీ ఒకచోట కలపాలనుకునేవారికి ఇంతకన్నా పనికొచ్చే పద్ధతి నాకు కనబడలేదు. నేను పదకొండేళ్లుగా దీన్నే వాడుతున్నాను. అంతకుముందు నాకూ అందరిలాగే పుస్తకానికో నోటుబుక్కు, కోర్సుకో నోటుబుక్కు ఉండేవి. రాసింది రాసినట్టే ఉండేది, తిరిగి తెరిచేవాణ్ణి కాదు. పుస్తకంలో చదివిన మాట కోర్సులో విన్న మాటను కలిసే అవకాశమే అక్కడ లేదు. రెండూ వేరు వేరు అట్టల మధ్య ఉండేవి.

లూమన్ చేసిన ముఖ్యమైన పని చీటీకి విషయం పేరు పెట్టకుండా ఒక నంబరు ఇవ్వడం. 57/12 అనే చీటీ ఉందనుకోండి. దాని తర్వాతి ఆలోచన 57/13. కొన్నాళ్లకు 57/12లోని ఒక్క మాట మీద కొత్త సంగతి తడితే అది 57/12a అవుతుంది. 12కీ 13కీ మధ్య దూరిపోతుంది. దానికీ పిల్ల పుడితే 57/12a1. ఇలా ఏ రెండు చీటీల మధ్యనైనా ఎప్పుడైనా కొత్తది చేరొచ్చు, పాతవాటి నంబర్లు మారవు. ఆ నంబరు చీటీ ఉండే చోటుకు చిరునామా మాత్రమే, విషయానికి పేరు కాదు. చిరునామా మారదు కాబట్టి పెట్టెలో ఎక్కడో ఉన్న మరో చీటీ మీద దాన్ని రాసుకోవచ్చు. అదే లంకె.

ఆయన మొదటి పెట్టెలో 108 విభాగాలు ఉండేవి. 1960ల మొదట్లో రెండో పెట్టె ప్రారంభించినప్పుడు పై విభాగాలు పదకొండుకు తగ్గిపోయాయి. దీన్ని నేను చాలా ముఖ్యంగా చూస్తాను. ముందే గదులు కట్టేసి వాటిలో ఆలోచనలు సర్దడం కుదరదని మొదటి పెట్టెతో ఆయనకు అనుభవమై ఉండాలి. రెండో పెట్టెలో చీటీలు సుమారు 67 వేలు, అయినా వాటి అకారాది పట్టికలో ఉన్న పదాలు సుమారు 3,200. ఒక్కో పదం ఎదుట మామూలుగా ఒకటో రెండో, మహా అయితే నాలుగో నంబర్లు. ఆ విషయం మీద ఉన్న చీటీలన్నిటినీ పట్టికకు ఎక్కించలేదు. లోపలికి వెళ్లే గుమ్మం చూపితే చాలు, అక్కడినుంచి లంకెలే తీసుకుపోతాయి.

పుస్తకాల వివరాలకు వేరే చీటీలు ఉండేవి. ఒకవైపు పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం. రెండోవైపు ఫలానా పేజీలో ఫలానా సంగతి అని క్లుప్తంగా. పెట్టెలోకి వెళ్లేది మాత్రం ఇది కాదు. చదవడం అయ్యాక, ఇందులో ఏది తన దగ్గరున్న ఏ చీటీని కదిలిస్తోందో చూసుకుని, దాన్ని తన మాటల్లో కొత్తగా రాసేవారు. పుస్తకంలోని వాక్యాలు ఎత్తి రాయడం ఆయన పెట్టెలో తక్కువ.

ఇది నా పెట్టెలో ఎలా పనిచేసిందో చెబుతాను.

ఒక ఆన్‌లైన్ కోర్సులో లిటిల్ సూత్రం నేర్చుకున్నాను. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేసింది. ఒక చోట ఉన్నవాటి సగటు సంఖ్యను, రోజుకు వచ్చేవాటి సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కటి అక్కడ సగటున ఎన్ని రోజులు ఉంటుందో తెలుస్తుంది. నా చీటీ నంబరు 14. దాని మీద ఇలా ఉంది: “ఆస్పత్రి వరండాలో సగటున 30 మంది కూర్చుని ఉంటే, గంటకు 15 మంది వస్తుంటే, ఒక్కొక్కరూ సుమారు 2 గంటలు ఉంటున్నట్టు. ఎవరినీ అడగక్కర్లేదు, తలలు లెక్కపెడితే చాలు.” నచ్చింది, రాసుకున్నాను. అప్పటికి అది ఒంటరి చీటీ.

తర్వాత ఏడాది మిత్రులం కొందరం ఒక పాత గ్రంథాలయం పుస్తకాలు స్కాన్ చేసే పని పెట్టుకున్నాం. ఇద్దరు స్కాన్ చేసేవారు. ఒకరు పేజీ పేజీ తనిఖీ చేసేవారు: వరుస తప్పిందా, వేలు అడ్డొచ్చిందా, అంచు తెగిందా అని. తనిఖీ అయ్యేదాకా పుస్తకం మా బల్ల మీదే ఉండాలి, పేజీ తప్పితే మళ్లీ స్కాన్ చేయాలి కదా. పదిహేను పనిదినాలయ్యాక గ్రంథపాలకురాలు వచ్చి, ఆవేళ ఇచ్చిన పుస్తకాలు చూపిస్తూ “ఇవెన్నాళ్లకి తిరిగిస్తారండీ?” అని అడిగారు. బల్ల మీద 60 పుస్తకాలున్నాయి, రోజుకు 12 వస్తున్నాయి. 14వ చీటీ గుర్తుంది. “అయిదు రోజులండీ” అన్నాను.

అయిదో రోజుకు ఇవ్వలేకపోయాం. ఎనిమిదో రోజుకు గానీ అవి తిరిగి వెళ్లలేదు.

ఆ రాత్రి చీటీ తీసి చూశాను. సూత్రం తప్పు కాదు, నేను వాడిన చోటు తప్పు. వచ్చేవీ వెళ్లేవీ సమానంగా ఉన్నప్పుడే ఆ లెక్క నిలుస్తుంది. మా దగ్గర రోజుకు 12 స్కాన్ అవుతుంటే తనిఖీ అయ్యేవి 8. రోజుకు నాలుగేసి మిగిలి పదిహేను రోజుల్లో 60 అయ్యాయి. కొత్తగా చేరిన పుస్తకం ముందున్న అరవై కదలాలంటే, 60ని 8తో భాగించాలి: ఏడున్నర రోజులు. కోర్సులో ఈ షరతు చెప్పారు, నేను విన్నాను కూడా. కానీ చీటీలో రాయలేదు. 14a రాశాను: “కుప్ప పెరుగుతున్నప్పుడు ఈ లెక్క వాడకూడదు. ముందు వచ్చేవీ వెళ్లేవీ విడివిడిగా లెక్కపెట్టు.” దాని వెనక, గ్రంథాలయంలో జరిగిందంతా అంకెలతో 14a1.

ఈ పద్ధతిలో అసలు ఫలం తరవాతి అడుగులో ఉంది. 14a1 పెట్టే ముందు దాన్ని ఇంకెక్కడ కలపొచ్చా అని పట్టిక చూశాను. “నడక” అన్న పదం ఎదుట 22 ఉంది. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో తెచ్చిన “ది గోల్” అనే నవల చదివినప్పుడు రాసింది. ఫ్యాక్టరీ కథ అది. అందులో పిల్లలు వరుసగా కొండదారిన నడుస్తుంటారు. ఒక పిల్లవాడు నెమ్మది. ముందున్నవాళ్లు ఎంత వేగంగా నడిచినా గమ్యం చేరే వేళ మారదు, వరుస సాగిపోతుంది, అంతే. ఆ పిల్లవాణ్ణి ముందు నిలిపి, వాడి సంచిలో బరువు అందరూ పంచుకుంటే గుంపంతా వేగంగా కదులుతుంది. నేనది కథలో బాగున్న ఘట్టమని రాసుకున్నానే తప్ప స్కానింగుకు ముడిపెట్టి చూడలేదు. 14a1 పక్కన పెట్టేసరికి తనిఖీ చేస్తున్న మిత్రుడే ఆ నెమ్మది పిల్లవాడనీ, మా 60 పుస్తకాలు సాగిపోయిన ఆ వరుసేననీ తెలిసింది. 14a1 మీద 22 అనీ, 22 మీద 14a1 అనీ రాశాను. రెండువైపులా రాయాలి. ఒకవైపు మాత్రమే రాస్తే రెండో వైపునుంచి వచ్చినప్పుడు దారి ఉండదు.

మర్నాడు స్కానింగు నుంచి ఒకరిని తనిఖీకి మార్చాం. స్కానింగు రోజుకు 6కు తగ్గింది, తనిఖీ 16కు పెరిగింది, తొమ్మిది పది రోజుల్లో కుప్ప కరిగింది. తర్వాత ఆ రెండో మనిషి పొద్దున స్కానింగులో, మధ్యాహ్నం తనిఖీలో ఉండేవారు. స్కాన్ అయ్యేవి 12 నుంచి 9కి తగ్గాయి, గ్రంథాలయానికి తిరిగి వెళ్లేవి మాత్రం 8 నుంచి 9కి పెరిగాయి. స్కానింగు తగ్గిస్తే పని పెరగడం ఆ రెండు చీటీలూ కలవకపోతే మాకు తట్టేది కాదు.

14a2 అనే చీటీ ఆ దసరాకు పుట్టింది. మా వీధి దర్జీ పండగకు పది రోజుల ముందు కొత్త బట్టలు తీసుకోవడం మానేస్తారు. ఎంత బతిమాలినా “ఇంక తీసుకోనండీ, ఇప్పటికే ఇచ్చినవాళ్లకి మాట తప్పాల్సొస్తుంది” అంటారు. ముందు అది గిరాకీ పోగొట్టుకోవడం అనుకునేవాణ్ణి. 14a తర్వాత పెట్టి చూస్తే, కుట్టగలిగినంతే బల్ల మీదకు రానివ్వడం అది. కోర్సులో దాన్ని ఒక పెద్ద పేరుతో చెప్పారు. నా చీటీ మీద దర్జీ మాటే ఉంది.

కాబట్టి చీటీ రాయడంకన్నా, రాసిన చీటీని ఎక్కడ పెట్టాలో తేల్చుకునే ఆ అయిదు నిమిషాలే నాకు విలువైనవి. ఇది దేని వెనక కూర్చుంటుంది? దేన్ని కాదంటోంది? ఈ ప్రశ్నలు అడగడానికి పాత చీటీలు మళ్లీ చదవాల్సి వస్తుంది. వేరే నోటుబుక్కుల్లో ఆ అవసరం లేదు, అందుకే వాటిని తిరిగి చదవం.

పెట్టె పాడవుతోందని తెలుసుకోవడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ఆరు నెలల కిందటి చీటీలు పది తీసి, పుస్తకాలు ముట్టుకోకుండా చదువుతాను. అర్థం కానివి రెండు మూడైతే ఫరవాలేదు. సగం అర్థం కాకపోతే నేను ఎత్తిరాస్తున్నానన్నమాట, నా మాటల్లో రాయడం లేదు. ఇంకో జబ్బు లంకెల అతి. ప్రతి చీటీ మీదా పదేసి నంబర్లు రాసేస్తే దేనికీ అర్థం ఉండదు. అందుకే నంబరు పక్కన ఎందుకో కూడా నాలుగు మాటలు రాస్తాను: “22, నెమ్మది మనిషే గుంపు వేగం”. కారణం రాయలేకపోతే ఆ లంకె వేయను.

కంప్యూటర్లోనూ ఇదంతా చేయొచ్చు. చీటీకో ఫైలు, దానికి `14a1.md` వంటి పేరు, లంకెకు `[[22]]` అని రాయడం, అంతే. వెతకడం సులువవుతుంది. కానీ వెతికితే దొరుకుతుందిలే అన్న ధీమాతో చోటు తేల్చుకోవడం మానేస్తాం. పైగా ఒక్క నొక్కుతో పేజీలకు పేజీలు అతికించే వీలుంది. ఈ రెండింటినీ ఆపుకోగలిగినవారికి కంప్యూటరే మేలు. నేను ఆపుకోలేకపోయాను, అందుకే కాగితం.

ఈ పద్ధతి పరీక్షలకు చదివేవారికి అంతగా పనికిరాదు. వారికి సిలబస్ వరుసే కావాలి, అది ముందే కట్టిన గది. రెండు మూడు నెలల్లో ఫలితం కావాలన్నా కుదరదు. నా పెట్టె రెండు వందల చీటీలు దాటేదాకా అది నాకు తెలియనిదేదీ చెప్పలేదు.

లూమన్ చీటీలను బీలెఫెల్డ్‌వారు 2019 నుంచి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతున్నారు. భాష రాకపోయినా ఒకసారి చూడండి. కొట్టివేతలు, సగం వాక్యాలు, మూలన చిన్న అక్షరాల్లో నంబర్లు కనిపిస్తాయి. చూశాక ఈ రాత్రి చదివే పుస్తకం పక్కన తెల్లకాగితం నాలుగు ముక్కలు చేసి పెట్టుకోండి. మొదటి ముక్క మూలన 1 అని వేయండి. రెండో ముక్క రాశాక, అది 2 అవుతుందో 1a అవుతుందో తేల్చడానికి మొదటిది మళ్లీ చదవండి.