అమ్మే బొమ్మ, కూలికి వేసిన బొమ్మ

ఈ వారం జగ్గయ్యపేటలో ఓ త్రీడీ ప్రింటింగ్ కొట్టు దగ్గర చిన్న తగవు విన్నాను. గాజు బీరువాలో ఫోన్ ఆనించుకునే ఏనుగులు వరసగా ఉన్నాయి, ఒక్కోటి 120 రూపాయలు. మిషన్ మీద మనిషి గుండె నమూనా సగం దాకా లేచింది. అది నందిగామ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసే సైన్సు మాస్టారిది. ఫైల్ ఆయనే దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చారు. పక్కనున్న పెద్దమనిషి ఆ ఫైల్ పేజీ ఫోన్లో తెరిచి, "వ్యాపారానికి వాడకూడదని ఇక్కడ రాసుంది కదయ్యా, మాస్టారి దగ్గర డబ్బులెట్లా తీసుకుంటావు?" అని కొట్టు కుర్రాణ్ని నిలదీశాడు. ఏనుగుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఊరికే దొరికిందని ఊరికే వాడేసే వాళ్లంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. అందుకే మొదట పెద్దమనిషి వైపే మొగ్గాను.

నాలాగే మండిపడ్డ వాళ్లు లోకంలో ఉన్నారు. 2016లో లూబీ అనే పేరుతో బొమ్మలు చేసే శిల్పి, థింగివర్స్‌లో తాను పెట్టిన డ్రాగన్‌ను ఒక అమ్మకందారు ఈబేలో అమ్ముతుండటం చూసింది. దానికి ఆమె పెట్టిన షరతు `CC BY-NC`, అంటే పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు. నెట్‌లో పెట్టింది అందరిదీ అని అమ్మకందారు వాదించాడు. అది తప్పు. ఫైల్ అందరికీ అందినా హక్కు రచయితదే. లైసెన్సు ఎంతవరకు ఇస్తే అంతవరకే మనది. గోల పెద్దదయ్యాక ఆ సరుకు ఈబే నుంచి తొలగింది.

అయితే కొట్టువాడు డబ్బు ముట్టుకుంటే చాలు అది వ్యాపారమైపోతుందా? ఇక్కడ నాకు మన పాత ట్రెడిల్ ప్రెస్సులు గుర్తొచ్చాయి. పెళ్లి శుభలేఖలు, పత్తి కొట్ల బిల్లు పుస్తకాలు, జాతర కరపత్రాలు, కుర్ర కవుల తొలి పుస్తకాలు అన్నీ అక్కడే. కవి కాగితం కొనిచ్చేవాడు, ప్రెస్సాయన ఫారానికింత అని కూలి తీసుకునేవాడు. అచ్చయిన కట్టలు కవి ఇంటికే వెళ్లేవి. అవి అమ్ముడుపోయినా, చెదలు తిన్నా ప్రెస్సాయనకు సంబంధం లేదు. దాన్ని జాబ్‌వర్క్ అనేవారు. అదే ప్రెస్సాయన కవికి చెప్పకుండా ఇంకో వంద కాపీలు తీసి తన బల్ల మీద పెట్టుకుని అమ్మితే కథ వేరు. మిషనూ అదే, సిరా అదే. మారిందల్లా ఎవరి కోసం వేశాడన్నది.

అమెరికా కోర్టు ముందుకు సరిగ్గా ఈ తేడాయే వచ్చింది. గ్రేట్ మైండ్స్ అనే సంస్థ తన లెక్కల పాఠాలను వ్యాపారం కూడదనే లైసెన్సుతో విడుదల చేసింది. బడుల వాళ్లు వాటిని ఫెడెక్స్ కాపీ కొట్లలో డబ్బిచ్చి తీయించుకున్నారు. ఫెడెక్స్ లాభం చేసుకుందంటూ సంస్థ దావా వేసింది. 2018లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు: వాడుకుంటున్నది బడి, ఆ వాడకం వ్యాపారం కాదు, కాపీ కొట్టు బడి పని చేసిపెడుతోందంతే అంది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. కానీ లైసెన్సు మాటలు అక్కడా ఇక్కడా ఒకటే, అవి చూసేది వాడకం ఉద్దేశాన్నే. కాబట్టి మాస్టారి గుండెకు ప్లాస్టిక్ ఖర్చు, మిషన్ కూలి తీసుకోవచ్చు. అదే గుండె ఇంకోటి వేసి బీరువాలో ధర చీటీతో పెడితే మాత్రం లూబీ డ్రాగన్ కేసే.

ఇక ఏనుగు. దాని పేజీలో ఉన్నది `CC BY 4.0`. అంటే అమ్ముకోవచ్చు, రచయితకు పైసా ఇవ్వక్కర్లేదు, అడగనూ అక్కర్లేదు. ఒక్కటే షరతు: పేరు చెప్పడం. రచయిత పేరు, లైసెన్సు పేరు, వాటి లింకులు, మార్పు చేసి ఉంటే ఆ సంగతి ఇవ్వాలి. బొమ్మ మీద చెక్కనక్కర్లేదు. పెట్టెలో చీటీ చాలు, ఇవన్నీ ఉన్న పేజీకి క్యూఆర్ కోడ్ అయినా చాలు. బీరువాలోని ఏనుగులకు అదేదీ లేదు. ఫోన్ పట్టేలా అడుగు వెడల్పు చేశానని కుర్రాడే చెప్పాడు, ఆ మాట రాయనూ లేదు. షరతు తప్పిన క్షణాన లైసెన్సు దానంతటదే రద్దవుతుంది. అంటే మిషన్ మీది గుండె సక్రమం, అమ్మకానికి అనుమతి ఉన్న ఏనుగే అక్రమం.

దీనికి 4.0లోనే మందుంది. తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే అనుమతి తిరిగొస్తుంది. ఈలోగా అమ్మినవాటిపై దావా వేసే హక్కు రచయితకు ఉంటుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రచయిత రేపు లైసెన్సు మార్చినా, పాత షరతుతో దించుకున్నవారికి పాతదే వర్తిస్తుంది. కాకపోతే అది చూపించే బాధ్యత అమ్మేవాడిదే. అందుకే ఫైల్‌తో పాటు ఆ పేజీని కూడా అదే రోజు తేదీ కనిపించేలా పీడీఎఫ్ తీసి దాచుకోవాలి.