గార్డు మోటారును ఆపినది, చక్రమును ఆపలేదు

కార్ఖానాలలో ప్రమాదము జరిగినప్పుడు నింపే కాగితములో "కారణము" అనే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో చాలా తరచుగా కనిపించే మాట "ఆపరేటరు అజాగ్రత్త". ఈ మాటకు ఒక విచిత్రమైన సదుపాయము కలదు. రంపపు మిల్లుకైనా, నూనె గానుగకైనా, ప్రెస్సుకైనా దీనిని అక్షరము మార్చకుండా వాడవచ్చును. ఏ యంత్రానికైనా సరిపోయే వివరణ ఆ యంత్రాన్ని గురించి ఏమీ చెప్పలేదన్నమాట. ప్రెస్సు మీద వేలు నలిగిన సందర్భములో ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఒక చిన్న యంత్రాన్ని తీసుకొని పరీక్షించవచ్చును.

అనంతపురం జిల్లాలో రాయదుర్గం జీన్సు ప్యాంట్ల కుట్టుపనికి పేరుపొందిన ఊరు. వాన మీద నమ్మకము తగ్గిన ఆ మెట్టసీమలో ఎన్నో కుటుంబాలకు కుట్టు మిషన్లే అన్నం పెడుతున్నవి. సరిహద్దుకు అవతలనున్న బళ్లారిలోను ఇదే పని సాగుతున్నది. జీన్సు ప్యాంటు జేబుల మూలలలో రాగి రంగు రివిట్లు ఉంటవి, నడుము దగ్గర లోహపు గుండీ ఉంటుంది. వీటిని సూదిదారములతో కుట్టరు, చిన్న ప్రెస్సుతో నొక్కి బిగిస్తారు. రివిటు మేకు కింది డైలోను, దాని టోపీ పై డైలోను ఉంటవి. రెండింటి నడుమ గుడ్డ ఉంచి పెడలు తొక్కగానే పై డై దిగి, మేకు గుడ్డను చీల్చుకొని టోపీలో గట్టిగా నాటుకొంటుంది. ఇదంతా కంటిరెప్పపాటు పని.

ఈ ప్రెస్సులలో ఒక రకము గాలి సిలిండరుతో నడుస్తుంది. మరొక రకములో చిన్న మోటారు ఒక బరువైన చక్రాన్ని, అనగా ఫ్లైవీలును, ఎడతెగకుండా తిప్పుతూ ఉంటుంది. ఇక్కడి చర్చ ఈ రెండవ రకాన్ని గురించి. చక్రము తిరుగుతున్నా, దాని నడుమనున్న ఇరుసు తిరగదు. ఇరుసులో స్ప్రింగు ఒత్తిడితో బయటికి దూకటానికి సిద్ధముగా ఒక పిన్ను ఉంటుంది. ఒక గొళ్లెపు ముక్కు ఆ పిన్నును వెనుకకు పట్టి ఉంచుతుంది. పెడలు తొక్కగానే గొళ్లెము తొలగి, పిన్ను చక్రములోని రంధ్రములో పడుతుంది. అప్పుడు చక్రముతోపాటు ఇరుసు ఒక పూర్తి చుట్టు తిరిగి డైని దించి తిరిగి ఎత్తుతుంది. ఈలోగా గొళ్లెము యథాస్థానానికి వచ్చి పిన్నును వెనుకకు లాగుతుంది, బ్రేకు పట్టీ ఇరుసును పై స్థానములో నిలుపుతుంది. ఈ అమరికలో గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటే. పిన్ను ఒకసారి రంధ్రములో పడితే ఆ చుట్టు పూర్తి కావలసినదే. నడుమ ఆపే మార్గము లేదు.

ఇక ఒక ప్రమాదాన్ని ఊహించవచ్చును. డైల ముందు తెరుచుకొనే ఒక తలుపు గార్డుగా ఉన్నది. అది తెరిస్తే ఒక స్విచ్చి మోటారుకు కరెంటు ఆపుతుంది. పనిచేస్తున్న ఆమెకు ఒక రివిటు టోపీ వంకరగా పోయి పై డైలో ఇరుక్కొన్నది. ఆమె పెడలు మీదనుండి కాలు తీసి, గార్డు తెరిచినది. మోటారు చప్పుడు ఆగిపోయినది. కుడిచేతి చూపుడువేలుతో టోపీని పట్టి ఊపుతుండగా డై ఒక్కసారి దిగినది. వేలి కొస పోయినది. విచారణలో మరునాడు గార్డు తెరిచి చూశారు, మోటారు ఆగినది. స్విచ్చి బాగున్నదని తేలినది. కాబట్టి యంత్రములో దోషము లేదు, చేయి పెట్టినది ఆపరేటరు, కనుక తప్పు ఆమెదే అని రాశారు.

ఈ తర్కములో ఒక మెట్టు జారిపోయినది. స్విచ్చి ఆపినది మోటారును. డైని దించేది మోటారు కాదు, చక్రము. చక్రపు అంచులో 20 కిలోల ఇనుము, ఇరుసుకు 15 సెంటీమీటర్ల దూరాన ఉన్నదనుకొందాము. నిమిషానికి 220 చుట్లు తిరిగితే ఆ అంచు సెకనుకు సుమారు 3.5 మీటర్లు పోతుంది. అందులో నిలువ ఉన్న శక్తి రమారమి 120 జౌళ్లు, అంటే 12 కిలోల బరువును మీటరు ఎత్తునుండి జారవిడిచినంత. కరెంటు ఆగినంతమాత్రాన ఈ శక్తి మాయము కాదు. రాపిడి వల్ల అది మెల్లగా తరుగుతుంది. గార్డు తెరిచిన కొన్ని సెకన్లకు చక్రపు వేగము సగానికి పడిపోయినదనుకొన్నా, వేగపు వర్గాన్ని బట్టి శక్తి నాలుగోవంతుకు దిగుతుంది. మిగిలిన 30 జౌళ్లు రివిటును నొక్కటానికీ చాలును, వేలిని నలపటానికీ చాలును. విచారణకర్తలు గార్డు తెరిచి చెవులతో పరీక్షించారు. గడియారము పట్టుకొని చక్రము నిలవటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడవలసినది, అది చూడలేదు.

కాని పెడలు తొక్కకుండా పిన్ను ఎట్లా పడినది? గొళ్లెపు ముక్కును విప్పి వెలుతురులో చూస్తే సమాధానము దొరుకుతుంది. ప్రతి చుట్టులోను పిన్ను ఆ ముక్కును తాకుతుంది. వేలాది దెబ్బల తరువాత పదునుగా ఉండవలసిన అంచు గుండ్రబడి, అద్దమువలె మెరుస్తుంది. అప్పుడు పిన్ను దాని మీద పూర్తిగా ఆనక కొసన వేలాడుతూ ఉంటుంది. గొళ్లెమును వెనుకకు లాగే స్ప్రింగు సాగిపోయినా ఇదే స్థితి. దీనికి తోడు బ్రేకు పట్టీకి నూనె అంటితే ఇరుసు పై స్థానములో గట్టిగా నిలవదు. ఇరుక్కొన్న టోపీని ఊపినప్పుడు ఇరుసు కూడా అటూ ఇటూ కదిలి, కొసన ఉన్న పిన్ను జారి రంధ్రములో పడుతుంది. ఈ గొళ్లేనికి సాగదీసే స్ప్రింగు వాడటమే పొరపాటు, అది తెగితే బలము సున్నా అవుతుంది. ఒత్తిడి స్ప్రింగును దగ్గర చుట్లతో చేసి గొట్టములో ఉంచితే, విరిగినా ముక్కలు ఒకదానినొకటి ఆనుకొని కొంత పని చేస్తవి. ఈ ఎన్నిక జరిగినది యంత్రాన్ని గీసిన బల్ల మీద. ప్రెస్సు ముందు కూర్చున్న ఆమెకు గొళ్లెపు ముక్కు కనిపించదు కూడా, అది మూత కింద ఉంటుంది.

"కాస్త కనిపెట్టుకొని ఉంటే చేయి లాగుకొనేది గదా" అనేవారు ఉంటారు. నిండు వేగములో ఒక చుట్టుకు 0.27 సెకను, డై దిగటానికి అందులో సగము, సుమారు 0.14 సెకను. చూపు నిలిపి ఎదురుచూస్తున్న మనిషికే కంటితో చూచి కదలిక మొదలుపెట్టటానికి సుమారు 0.2 సెకను పడుతుంది. చక్రము సగము వేగములో ఉంటే డై దిగటానికి 0.27 సెకను దొరుకుతుంది. అయితే చేయి మొదలైన తరువాత బయటికి రావటానికి కూడా వేళ కావాలి, పైగా ఆమె ఎదురుచూస్తున్నది టోపీ ఊడటానికి, డై దిగటానికి కాదు. ఇక్కడ జాగ్రత్తకు చోటు ఎక్కడున్నది?

మరి చేయి ఎందుకు పెట్టవలెను? ఇది అడగవలసిన ప్రశ్నే, అయితే ఇదే ప్రశ్న యజమానినీ అడగవలసినది. ఒక ప్యాంటుకు ఆరు రివిట్లు, రోజుకు 300 ప్యాంట్లు అనుకొంటే 1,800 దెబ్బలు. నూటికి ఒకటి ఇరుక్కొన్నా రోజుకు 18 సార్లు గార్డు తెరవాలి. చక్రము పూర్తిగా నిలవటానికి 40 సెకన్లు పడితే, ఆమె ప్రతిసారి ఆగినందువల్ల 12 నిమిషాలు పోతవి. కూలి ప్యాంటుకు ఇంత అని లెక్కకట్టే చోట ఆ 12 నిమిషాలు ఎవరి ఖాతాలో పడతవి? టోపీలు అన్ని సార్లు వంకరపోవటానికి అరిగిన డై గాని, కొలత తప్పిన రివిట్ల సరుకు గాని కారణము. బల్ల మీద ఒక ఇత్తడి కొక్కెము గాని, పొడవాటి చిమటా గాని ఉన్నదా అని విచారణ కాగితము అడగదు. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే డై దిగే ఏర్పాటు పెద్ద ప్రెస్సులకు మంచిదే గాని, ఇక్కడ చెల్లదు. గుడ్డను చేతితో పట్టుకొనక రివిటు పడదు.

"అజాగ్రత్త" సిద్ధాంతానికి పాత ఆధారము ఒకటి ఉన్నది. అమెరికాలో ఒక భీమా సంస్థలో పనిచేసిన హెన్రిచ్ 1931లో ప్రకటించిన గ్రంథములో నూటికి 88 ప్రమాదాలు మనుషుల అపాయకరమైన చేష్టల వల్ల, 10 యంత్రాదుల స్థితి వల్ల, 2 తప్పించరానివిగా జరుగుతవని రాశాడు. ఈ అంకెలు తరువాత ప్రపంచమంతా పాకినవి. అవి ఎక్కడనుండి వచ్చినవో చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. భీమా దస్త్రాలు, కార్ఖానా యజమానుల రికార్డులు వాటికి మూలము. అటువంటి కాగితాలు సామాన్యముగా గాయపడినవారు రాసినవి కావు, పైవారు రాసినవి. ఒక్కొక్క ప్రమాదానికి ఒకే కారణము ఎన్నవలసిన పద్ధతిలో అరిగిన గొళ్లెము, పెట్టిన వేలు రెండూ ఉంటే, కంటికి కనిపించే వేలే గడిలోకి ఎక్కుతుంది. 88 అనే అంకె ప్రమాదాలను కొలిచినది కాదు, కాగితాలు నింపే అలవాటును కొలిచినది. మన దేశములో హర్యానా వాహన విడిభాగాల కార్ఖానాలలో ప్రెస్సుల కింద వేళ్లు పోగొట్టుకొన్నవారిని అడిగి "సేఫ్ ఇన్ ఇండియా" సంస్థ 2019 నుండి ప్రకటిస్తున్న "క్రష్డ్" నివేదికలు ఇందుకు భిన్నముగా గాయపడినవారి మాటనుండి మొదలుపెడతవి. యంత్రాలకు రక్షణ సాధనాలే లేకపోవటం వాటిలో పదే పదే వస్తుంది.

చట్టము కూడా ఈ కాగితాలకన్న స్పష్టముగానే మాట్లాడినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షను ఫ్లైవీళ్లను, యంత్రపు అపాయకరమైన భాగాలను గట్టి కంచెతో మూయవలెనని, ఆ భాగాలు కదులుతున్నంతసేపు కంచె స్థానములో ఉండవలెనని విధించినది. "మోటారుకు కరెంటు ఉన్నంతసేపు" అని అనలేదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టము ప్రకారము మామూలు అజాగ్రత్త పరిహారాన్ని పోగొట్టదు. కార్మికుడు బుద్ధిపూర్వకముగా రక్షణ సాధనాన్ని తొలగిస్తేనో, అటువంటి నియమాన్ని ధిక్కరిస్తేనో మాత్రమే కొన్ని సందర్భాలలో యజమాని బాధ్యత తప్పుతుంది. ఆ చట్టపు పట్టికలో చూపుడువేలి ఒక కణుపు పోతే సంపాదన శక్తిలో నూటికి 9 వంతుల నష్టము. కనుక "గార్డు తెరిచినది" అనే రెండు మాటలను "గార్డు తొలగించినది" అని మార్చి రాస్తే కాగితము మీద కథే మారిపోతుంది. ఈ చట్టాల స్థానములో 2025 నవంబరులో కొత్త కోడులు అమలులోకి వచ్చినవి. పది మంది కూడా లేని షెడ్డులోకి తనిఖీ అధికారి అడుగు పెట్టటము అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే.

ఈ ప్రెస్సుకు తగిన గార్డు ఎట్లా ఉండవలెను? తలుపు తెరవగానే ఒక ఉక్కు కడ్డీ పిన్నుకు అడ్డముగా దూరి, పిన్ను జారినా రంధ్రానికి చేరకుండా నిలపాలి. లేదా చక్రము నిలిచేదాకా తలుపు తెరుచుకొనకుండా తాళము పడి ఉండాలి. డైకి ముందుగా దిగే ఉంగరము మరొక పద్ధతి. అది 6 మిల్లీమీటర్ల సందుదాకా దిగలేకపోతే, నడుమ వేలు ఉన్నదని గ్రహించి పెడలును పనిచేయనీయదు. కాని అది పెడలును మాత్రమే కాపలా కాస్తుంది. పిన్ను తనంతట తాను జారితే అది కూడా చేతులెత్తేస్తుంది. ఈ సంగతి అమ్మేవారు చెప్పరు.

ఆ గడిలో రాయవలసినది కొంచెము పొడుగవుతుంది: "గార్డు తెరిచినప్పుడు మోటారు ఆగినది, చక్రము మరి ఇన్ని సెకన్లు తిరిగినది. గొళ్లెపు ముక్కు ఇంత అరిగినది. స్ప్రింగు పొడవు కొత్త దానికన్న ఇంత ఎక్కువ. బ్రేకు పట్టీ మీద నూనె ఉన్నది. ఆ పూట ఇన్ని టోపీలు ఇరుక్కొన్నవి. కొక్కెము ఇవ్వలేదు. గొళ్లెమును చివరిసారి విప్పి చూచిన తేదీ రికార్డులో లేదు."