దిద్దుబాటుకు కారణం: ఆళ్లగడ్డ విద్యార్థి పేరా ఒకటి – ఒక పరిశీలన

ఆళ్లగడ్డకు చెందిన ఒక విద్యార్థి నంద్యాలలో డిగ్రీ చదువుతూ తాను రాసిన పేరానొకదాన్ని ఈ వ్యాసకర్త వద్దకు తెచ్చాడు. అప్పటికే ఎవరో దాన్ని దిద్ది ఉన్నారు. ఎర్రసిరాతో పదకొండు గుర్తులున్నాయి గాని, ఒక్కదాని పక్కనా వివరణ లేదు. “దిద్దినారు గాని ఎందుకు తప్పో రాయలేదు సార్. ఒక్కొక్కటీ తెలుగులోనే చెప్పండి” అన్నది అతని కోరిక. ఆ కోరికను తీర్చబూనినప్పుడు దిద్దుబాట్లలో కొన్నింటికి కారణం దొరికింది, కొన్నింటికి దొరకలేదు. ఈ తేడాయే ప్రస్తుత వ్యాసానికి విషయం.

మూల పేరా ఇది:

“మాది ఆళ్లగడ్డ. మా వీధిలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు చానామంది వున్నారు. వాళ్ల యొక్క చేతుల్లో రాయి దేవుడు అవుతుంది. మా నాయన ముప్పై ఏండ్లనుంచి ఈ పనే చేస్తా ఉండాడు. అహోబలానికి పోయే యాత్రీకులు మా కొట్టం ముందర ఆగుతారు. విధ్యార్థిగా నేను నంద్యాలకు బస్సులో పోతూ, దారి పొడుగునా చెక్కని రాళ్లే కనపడతాయి.”

దిద్దినవారు చానామందిని చాలామందిగా, వున్నారును ఉన్నారుగా, అవుతుందిని అవుతాడుగా, నాయనను నాన్నగారుగా, చేస్తా ఉండాడును చేస్తున్నారుగా, అహోబలానికిని అహోబిలానికిగా, పోయేను వెళ్లేగా, ముందరను ముందుగా, పోతూను వెళ్తూగా మార్చారు. యాత్రీకులు, విధ్యార్థి అన్న రెండు పదాలను సవరించారు.

1. కారణం చెప్పగలిగిన దోషాలు

విధ్యార్థి అన్నది నిస్సందేహంగా లేఖనదోషం. విద్య, అర్థి అన్న రెండు పదాలు సవర్ణదీర్ఘసంధితో కలిసి విద్యార్థి అయింది. విద్య అన్న పదానికి మూలం విద్ ధాతువు. అందులోని దకారం అల్పప్రాణం. చివరి ‘ర్థి’లోని ఒత్తు ముందక్షరానికీ పాకడం ఇక్కడి పొరపాటుకు కారణం కావచ్చు. అధ్యాపకుడు, అధ్యయనం అన్న పదాలలో మొదటిది అధి అనే ఉపసర్గ కనుక అక్కడ ధకారమే ఉండాలి. ఈ రెండు మూలాలను పక్కపక్కన ఉంచి చూపితే విద్యార్థి ఒక పదాన్ని గాక ఒక పద్ధతిని నేర్చుకుంటాడు.

యాత్రీకులు అన్నదీ ఇటువంటిదే. యాత్ర శబ్దంపై ‘ఇక’ ప్రత్యయం చేరింది. ఆ ఇకారం హ్రస్వం. నావికుడు, సైనికుడు, ధార్మికుడు అన్న మాటలను ఉదాహరిస్తే నియమం తనంతట తానే స్పష్టపడుతుంది.

అన్నింటికంటె పెద్ద దోషం చివరి వాక్యంలో ఉంది. దిద్దినవారు పోతూను వెళ్తూగా మార్చి, అసలు దోషాన్ని అలాగే విడిచిపెట్టారు. ‘తూ’తో ముగిసే శత్రర్థక క్రియకూ, వాక్యాంతంలోని సమాపక క్రియకూ కర్త ఒక్కటే కావాలి. ఇక్కడ పోతున్నది నేను, కనపడుతున్నవి రాళ్లు. పోతూ అన్నా వెళ్తూ అన్నా బస్సెక్కినవి రాళ్లే అవుతాయి! పోతుంటే అని మారిస్తే కర్తలు వేరైనా అన్వయం చెడదు; లేదా “పోతూ రాళ్లను చూస్తాను” అని కర్తను ఒకటి చేయాలి. మాటను మార్చి వాక్యాన్ని చూడకపోవడం ఈ దిద్దుబాటులోని ప్రధాన లోపం.

2. గుర్తు పడనిది, వికల్పమైనది

‘వాళ్ల యొక్క’ అన్నచోట ఎర్రసిరా పడలేదు. యొక్క షష్ఠీవిభక్తి ప్రత్యయమే గనుక దీన్ని వ్యాకరణదోషమనలేం. కాని బహువచనపు ‘లు’ ‘ల’గా మారడంతోనే సంబంధార్థం సిద్ధించింది, ఆపై యొక్క అనవసరం. ఇందుకు నిదర్శనం విద్యార్థి రాతలోనే ఉంది. అతడు రాతి విగ్రహాలు అన్నాడే గాని రాతి యొక్క విగ్రహాలు అనలేదు. రాయి రాతిగా మారినప్పుడు ‘తి’ అన్న ఔపవిభక్తికం చేసిన పనినే, వాళ్లు వాళ్లగా మారినప్పుడు ‘ల’ చేస్తున్నది. అతనికి తెలిసిన దానితోనే తెలియనిది చెప్పవచ్చు.

‘వున్నారు’ విషయం వేరు. వు, వూ, వొ, వోలు తెలుగు మాటల మొదట ఉండవన్నది చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పిన నియమం. ఆధునిక వచనంలో మాత్రం ‘వున్నారు’ అని రాసిన ప్రసిద్ధ రచయితలు లేకపోలేదు. కనుక దీన్ని పాఠ్యపుస్తక వర్ణక్రమానికి అనుగుణంగా మార్చవచ్చు గాని, విధ్యార్థి అన్న దోషంతో సమానంగా లెక్కించరాదు.

3. తప్పుగా దిద్దినవి

“రాయి దేవుడు అవుతుంది” అన్న వాక్యాన్ని “అవుతాడు” అని మార్చడం పొరపాటు. క్రియ కర్తను అనుసరిస్తుంది గాని, కర్తను గురించి చెప్పే విధేయ నామాన్ని కాదు. రాయి అమహద్వాచకం, అందువల్ల అవుతుంది అన్నదే సరి. పక్కనున్న దేవుడు అన్న మహద్వాచకం దిద్దినవారి దృష్టిని లాగి ఉంటుంది. ఆ గుర్తు పక్కన ఒక్క వాక్యం వివరణ రాయబూని ఉంటే కలం అక్కడే ఆగేది. కారణం రాయడం విద్యార్థికే కాదు, దిద్దేవారికీ పరీక్ష.

అహోబలం కూడా దోషం కాదు. నేటి అధికారిక నామం అహోబిలమే. అయితే అహోబలమన్న రూపానికి సాహిత్యవ్యవహారం ఉంది. వ్యాకరణ విద్యార్థులందరికీ తెలిసిన అహోబల పండితీయం పేరే అందుకు సాక్ష్యం. రాయలసీమలో వినవచ్చే ఓబులేసు, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి అన్న పేర్లలో నిలిచినది ఆ రూపమే.

4. దోషాలు కానివి

చానా, నాయన, చేస్తా ఉండాడు, పోయే, ముందర – పదకొండు గుర్తులలో ఐదు వీటిపైనే పడ్డాయి. ఇవి సీమవ్యవహారంలోని నియతరూపాలు. చేస్తా ఉండాడులో శత్రర్థకం ‘తా’ రూపంలో ఉంది. ఉండు ధాతువులోని ‘ండ’ మారక నిలిచింది. ఈ ప్రాంతపు మాటలో ఇది ఎల్లచోట్లా ఇదే తీరుగా సాగుతుంది. ప్రమాణభాషలో వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు చేస్తున్నాడు అనీ, చాలా అనీ మార్చమనడం ఉచితమే. కాని ఆ మార్పు శైలిభేదం వల్ల వచ్చినదని చెప్పాలి, తప్పు దిద్దినట్లు చూపరాదు. పోయే, ముందర అన్నవాటిని మార్చవలసిన అవసరం కూడా లేదు. అవి ప్రమాణభాషలోనూ ఉన్నవే.

నాయనను నాన్నగారుగా, ఏకవచన క్రియను గౌరవ బహువచనంగా మార్చడం మరింత ఆలోచించదగినది. ఆళ్లగడ్డలో “మా నాయన చేస్తా ఉండాడు” అన్న కొడుకు మాటలో అగౌరవం లేదు. దిద్దినవారు ఇక్కడ మార్చింది వ్యాకరణాన్ని కాదు, ఒక ఇంటి సంబోధన మర్యాదను. తండ్రి పేరును పలికే తీరే ఎర్రసిరా కింద పడినప్పుడు, తన ఇంటి భాష మొత్తం తప్పేనని విద్యార్థి గ్రహిస్తాడు. విధ్యార్థిలోని ఒత్తును గురించిన పాఠం ఆ గ్రహింపులో మునిగిపోతుంది.

ముగింపు

పదకొండు గుర్తులలో నిజమైన దోషాన్ని సరిచేసినవి రెండే. ఒకటి వర్ణక్రమ వికల్పం, ఒకటి దోషాన్ని చేరి కూడా తప్పిపోయినది, రెండు సరైనదాన్ని మార్చినవి, ఐదు మాండలికంపై పడినవి. పండితుల రచనల్లోనే వారి నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను గిడుగు రామమూర్తి ఎత్తిచూపిన నాటినుంచి మనకు తెలిసినదే ఇది: నియమాన్ని పేర్కొనకుండా చెప్పిన తీర్పు నిలవదు.

విద్యార్థి చేతికి తిరిగి ఇచ్చిన పేరా ఇది:

“మాది ఆళ్లగడ్డ. మా వీధిలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతుల్లో రాయి దేవుడవుతుంది. మా నాయన ముప్పై ఏండ్లనుంచి ఈ పనే చేస్తున్నాడు. అహోబలానికి పోయే యాత్రికులు మా కొట్టం ముందర ఆగుతారు. విద్యార్థిగా నేను నంద్యాలకు బస్సులో పోతుంటే దారి పొడుగునా చెక్కని రాళ్లే కనపడతాయి.”

చానా, చేస్తా ఉండాడు అన్న రెండింటి పక్కన మాత్రం “తప్పు కాదు, వ్యాసభాష కోసం మార్చినది” అని రాయవలసి వచ్చింది. తక్కిన ప్రతి మార్పు పక్కనా దాని నియమాన్నీ, మరొక ఉదాహరణనూ రాయడానికి పేరాకు రెండింతల చోటు పట్టింది. దిద్దుబాటు అన్న మాటకు అర్హమైన పని ఆ రెండింతల చోటులోనే జరిగింది.