డెబ్బై దాటిన ముల్లు

2020 అక్టోబర్ 21న పేపాల్ సంస్థ తన ఖాతాదారులు బిట్‌కాయిన్ కొనడానికి, అమ్మడానికి వీలు కల్పిస్తున్నట్టు ప్రకటించింది. ఆ రోజు బిట్‌కాయిన్ ధర 12,800 డాలర్ల ప్రాంతానికి ఎగబాకింది. రోజువారీ చార్టు కింద కదిలే ఆర్‌ఎస్‌ఐ గీత 70 దాటి పైకి వెళ్లింది. 70 దాటితే ఓవర్‌బాట్, ఓవర్‌బాట్ అయితే అమ్మెయ్యాలి అని నేర్చుకున్నవాళ్లు ఆ రోజు అమ్మేశారు. మళ్లీ చవగ్గా కొందామని కూర్చున్నవాళ్లకు నవంబర్ మొదటివారం తర్వాత ఆ ధర ఇక కనిపించలేదు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ కుప్పకూలి మార్కెట్ అంతా బెంబేలెత్తినప్పుడు కూడా బిట్‌కాయిన్ 15 వేల పైనే ఆగింది.

ఇది ఆర్‌ఎస్‌ఐ తప్పు కాదు. అది ఆ రోజు సరిగ్గా తన పని తాను చేసింది. ఆ పని ఏమిటో తెలియాలంటే పనిముట్టును విప్పి చూడాలి. విప్పితే, చేసిన మనిషి పనితనం మీద గౌరవం కూడా పుడుతుంది.

ఆయన పేరు జె. వెల్స్ వైల్డర్. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేసింది స్థిరాస్తి వ్యాపారం, పేరొచ్చింది 1978లో వేసిన ఒక పుస్తకంతో. ఈనాటికీ ప్రతి ట్రేడింగ్ యాప్‌లో కనిపించే ఏటీఆర్, ఏడీఎక్స్, పారాబోలిక్ ఎస్‌ఏఆర్, ఆర్‌ఎస్‌ఐ నాలుగూ ఆ ఒక్క పుస్తకంలోవే. అప్పట్లో సరుకుల మార్కెట్లో లెక్కలు కాగితం మీద, క్యాలిక్యులేటర్‌తో చేసుకునేవారు. ఆయన కూర్పులో ఆ ఇబ్బంది ఎరిగిన మనిషి జాగ్రత్త కనిపిస్తుంది.

లెక్క ఇది. నిన్నటి ముగింపు ధర కన్నా ఇవాళ్టిది ఎంత పెరిగిందో ఒక ఖాతాలో, ఎంత తగ్గిందో ఇంకో ఖాతాలో రాస్తాం. పెరిగిన రోజున తగ్గుదల ఖాతాలో సున్నా, తగ్గిన రోజున పెరుగుదల ఖాతాలో సున్నా. పద్నాలుగు రోజుల సగటు తీస్తే పెరుగుదల సగటు U, తగ్గుదల సగటు D. ఆపైన:

```
RSI = 100 × U / (U + D)
```

మర్నాడు పద్నాలుగు రోజులూ మళ్లీ కూడనక్కర్లేదు. నిన్నటి సగటును 13తో గుణించి, ఇవాళ్టి అంకె కలిపి, 14తో భాగిస్తే చాలు. అంటే ఎన్నాళ్ల చరిత్రనైనా రెండే రెండు అంకెల్లో మోసుకుపోవచ్చు. పాత రోజు ఏదీ ఒక్కసారిగా లెక్కలోంచి జారిపోదు, రోజురోజుకీ కొంచెం కొంచెంగా పలచబడుతుంది. పదిహేనో రోజున పాత అంకె ఊడిపోయినందువల్ల గీత ఊరికే ఎగిరిపడే బెడద కూడా దీంతో తప్పింది. నాకు ఈ పనిముట్టులో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఈ చిన్న ఏర్పాటే.

ఇప్పుడు సూత్రంలో ఏముందో కాదు, ఏం లేదో చూడండి. ధర లేదు. బిట్‌కాయిన్ 12 వేల దగ్గరుందా, 60 వేల దగ్గరుందా అన్నది ఆ లెక్కకు పట్టదు. అది తక్కెడ ముల్లు లాంటిది: రెండు తట్టల్లో ఏది ఎంత బరువుందో చూపిస్తుంది, కొట్లో సరుకు ఎంత ఖరీదో చెప్పదు. మూడు రోజులు రెండేసి వందలు పెరిగి, నాలుగో రోజు రెండు వందలు తగ్గే నాణెం ఉందనుకుందాం. పెరుగుదల మూడు పాళ్లు, తగ్గుదల ఒక పాలు. ఆర్‌ఎస్‌ఐ 75 చుట్టూ తిరుగుతుంది. ఆ నడక నెల సాగితే నెలంతా, ఏడాది సాగితే ఏడాదంతా అక్కడే తిరుగుతుంది. నాలుగు రోజులకోసారి నాలుగు వందలు లాభం చేరుతూనే ఉంటుంది, ఓవర్‌బాట్ అన్న ముద్ర పడే ఉంటుంది. బలమైన ట్రెండ్ అంటే సరిగ్గా ఇదే: తగ్గే రోజుల కన్నా పెరిగే రోజుల బరువు చాలాకాలం ఎక్కువగా ఉండడం. ఆ ట్రెండులో 70 దాటకుండా ఉంటేనే అనుమానపడాలి.

ఇంకో లోతు కూడా ఉంది. U 400 డాలర్లు, D 100 డాలర్లు అనుకోండి, ఆర్‌ఎస్‌ఐ 80. ఇవాళ ధర వెయ్యి డాలర్లు పెరిగితే అది 82.7కి మాత్రమే చేరుతుంది. అదే వెయ్యి తగ్గితే 69.3కి పడిపోతుంది. పైకి 2.7, కిందికి 10.7. నూరు దాటకూడదని కట్టిన కొలబద్ద కనుక పైకొచ్చేకొద్దీ గడులు ఇరుకవుతాయి. అందుకే 80ల్లో ఉన్న గీత ఒక్క పెద్ద ఎర్ర క్యాండిల్‌కే 70 కిందికి జారుతుంది. ‘70 కిందికి దిగగానే అమ్ము’ అన్న సవరించిన సూత్రం కూడా బలమైన ట్రెండులో తరచూ ఒక్కరోజు కుదుపుకే బెదిరిపోవడానికి కారణం ఇదే.

గీత చల్లబడాలంటే ధర పడితీరాలని కూడా లేదు. అదే 80 దగ్గర మొదలుపెట్టి, ఒకరోజు 400 పెరిగి మర్నాడు 400 తగ్గుతూ పద్నాలుగు రోజులు గడిచాయనుకుందాం. ధర బయల్దేరిన చోటే ఉంటుంది. ఆర్‌ఎస్‌ఐ మాత్రం 61కి దిగివస్తుంది. ‘ఓవర్‌బాట్ అయింది కదా, దిద్దుబాటు రావాలి’ అని ఎదురుచూసేవాళ్లు ధరలో దాన్ని వెతుకుతుంటారు. దిద్దుబాటు కాలం రూపంలో జరిగిపోయి, ఆ తర్వాత మార్కెట్ మళ్లీ పైకి బయల్దేరుతుంది. విచిత్రం ఏమిటంటే, ధర అసలు కదలకుండా మొద్దుబారిపోతే గీతా కదలదు. రెండు సగటులూ ఒకే పాలులో తరుగుతాయి కనుక నిష్పత్తి మారదు.

వైల్డర్‌కి ఇదంతా తెలియదనుకోలేం. 70 దాటగానే అమ్మండి అన్నది ఆయన అసలు మాట కాదు, ఆయన మాటకు మిగిలిన పొట్టి రూపం. ఆయన బరువిచ్చింది ఫెయిల్యూర్ స్వింగ్ అనే దానికి. గీత 70 పైకి వెళ్లాలి, ఒకచోటికి దిగాలి, మళ్లీ పైకి వస్తూ పాత శిఖరాన్ని అందుకోలేకపోవాలి, చివరికి ఇందాక దిగిన చోటును కూడా తెంచుకుని కిందికి పోవాలి. అప్పుడే మార్కెట్ తిరగబడిందని అనుకోవాలి. ఇందులో 70 దాటడం మొదటి మెట్టు మాత్రమే. మనవాళ్లు చాలామంది ఆ మెట్టు మీదే దిగిపోతున్నారు.

మళ్లీ 2020కి వద్దాం. నవంబర్ మూడో వారానికి బిట్‌కాయిన్ 18 వేల దగ్గరికి చేరింది. 26న ఒక్క దెబ్బకి 17 వేల కిందికి జారింది. గీత 50 దరిదాపుల్లోకి వచ్చి ఆగి, మళ్లీ లేచింది. డిసెంబర్ రెండో వారంలో ఇంకోసారి అదే జరిగింది. డిసెంబర్ 16న ధర మొదటిసారి 20 వేలు దాటింది. అక్కణ్నుంచి జనవరి 8న 41 వేలు దాటేదాకా ఎక్కువ రోజులు గీత 70 పైనే గడిపింది. జనవరి చివర 30 వేలకు పడినప్పుడు కూడా 40 మీద నిలబడింది.

అంటే చూడవలసింది పైకప్పు కాదు, నేల. ఆండ్రూ కార్డ్‌వెల్ అనే అమెరికన్ ఈ సంగతిని ఏళ్ల తరబడి బోధించాడు: పెరిగే మార్కెట్లో ఆర్‌ఎస్‌ఐ సుమారు 40కీ 80కీ మధ్య, తగ్గే మార్కెట్లో 20కీ 60కీ మధ్య తిరుగుతుంది. ట్రెండ్ మారినప్పుడు ఆ పరిధే మొత్తంగా జరుగుతుంది. కాబట్టి వెనకడుగుల్లో గీత ఎక్కడ ఆగుతోంది, తిరిగి లేచినప్పుడు ఎందాకా పోతోంది అన్నదే సమాచారం. లెక్క మారలేదు, పనిముట్టు మారలేదు, చూసే చోటు మారింది.

2021 వసంతంలో ఈ పరిధి మార్పు కళ్లెదుటే జరిగింది. ఏప్రిల్ 14న ధర 64 వేలు దాటింది కానీ గీత జనవరి శిఖరానికి చాలా కిందే ఉండిపోయింది. దీన్నే డైవర్జెన్స్ అంటారు. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడితే ముందే దిగిపోయే ప్రమాదముంది. పైన చెప్పిన ఇరుకు గడుల వల్ల మొదటి ఉరుకు తర్వాత అది దాదాపు దానంతటదే పుట్టుకొస్తుంది. ఫిబ్రవరిలో 57 వేల దగ్గరా ఆ తేడా కనిపించింది. ధర 45 వేల దాకా దిగినా, మార్చిలో 60 వేలు దాటేసింది. అసలు సంకేతం ఏప్రిల్ చివర్లో వచ్చింది. ధర 50 వేల కిందికి పడినప్పుడు గీత 40ని తెంచుకుంది. మే రెండో వారానికి 59 వేల దాకా లేచినా గీత 60 దరిదాపుల్లోనే ఆగిపోయింది. నేల విరిగింది, కప్పు దిగింది. మే 19న ధర 30 వేల దగ్గరికి కూలింది.

ఈ పద్ధతీ అమోఘం కాదు. 2020 సెప్టెంబర్ మొదట్లో బిట్‌కాయిన్ 12 వేల నుంచి 10 వేలకు జారినప్పుడు కూడా గీత 40 కిందికి వెళ్లింది. అప్పుడు అమ్మినవాళ్లు మన కథ మొదలవకముందే బయటపడ్డారు. తేడా ఏమిటంటే, ఆ తర్వాత అక్టోబర్‌లో ధర లేచినప్పుడు గీత 60 దగ్గర ఆగలేదు, దాటుకుని పోయింది. నేల విరిగాక వచ్చే లేపు ఎందాకా పోతుందో చూసేదాకా తీర్పు చెప్పడం తొందరపాటు. ఆ ఎదురుచూపుకి ఖర్చుంటుంది. కొంత ధర చేజారిపోతుంది.

పడే మార్కెట్లోనూ ఇదే కథ తలకిందులుగా. 2022 జూన్ 13న ధర 23 వేల దగ్గర ఉండగా గీత 30కి చాలా కిందే ఉంది. ఓవర్‌సోల్డ్ అని కొన్నవాళ్లకు అయిదు రోజుల్లోనే 18 వేల కింది ధర కనిపించింది.

కొత్తగా లిస్టయిన చిన్న నాణేల దగ్గరైతే ఈ మాటలేవీ నడవవు. తగ్గిన రోజులే లేని రెండు వారాల చరిత్రలో D సున్నాకి దగ్గరగా ఉంటుంది, గీత 95 పైన అతుక్కుపోతుంది. అది ట్రెండ్ బలం కాదు, భాగహారం బలహీనత. మొదటి సగటు ప్రభావం కరిగిపోవడానికి నూరు క్యాండిళ్లయినా గడవాలి. అందుకే ఒకే నాణేనికి రెండు యాప్‌లు రెండు అంకెలు చూపిస్తే, ముందు ఏది ఎక్కువ చరిత్ర తీసుకుందో, ఏది వైల్డర్ సగటు బదులు మామూలు సగటు వాడుతోందో చూడాలి.

మన దేశంలో కూర్చుని చూసేవాళ్లకి ఇంకో రెండు సంగతులు. ఈ మార్కెట్‌కి గంట కొట్టే వేళ లేదు. రోజు క్యాండిల్ ముగిసేది గ్రీనిచ్ అర్ధరాత్రికి, అంటే మనకు తెల్లవారుజాము అయిదున్నరకి. రాత్రి పదింటికి 70 దాటి కనిపించే అంకె ఇంకా తయారవుతున్న అంకె, పొద్దున్నకల్లా 66 కావచ్చు. రెండోది పన్ను. 2022 నుంచి లాభం మీద 30 శాతం, అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్, ఒక నాణెం మీద వచ్చిన నష్టాన్ని ఇంకో నాణెం లాభంలో సర్దుకునే వీలు లేదు. 70 దగ్గర అమ్మి, నాలుగు రోజులకు ఎక్కువ ధరకి తిరిగి కొనే అలవాటుకి చార్టు వేసే జరిమానా ఒకటైతే, ఇది దాని మీద ఇంకొకటి.