నొప్పి కొలమానాలు – వయోవర్గ విభజన: ఒక బోధనపత్రంపై విమర్శనాత్మక పరిశీలన

నర్సింగు విద్యార్థుల కోసం రూపొందిన ఈ బోధనపత్రం సంఖ్య, ముఖచిత్రం, ప్రవర్తన అనే మూడు రకాల నొప్పి కొలమానాలను ఒకే పట్టికలో వయసుల వారీగా అమర్చింది. మూడేళ్లలోపు పిల్లలకు ప్రవర్తన, మూడు నుంచి ఏడేళ్ల వరకు ముఖచిత్రాలు, ఆపైన సంఖ్య అన్నది దాని సూత్రం. గుర్తుంచుకోవడానికి సులువే. అయితే మూడింటికీ గరిష్ఠం 10 కావడంతో, ఏ గడిలోని 6 అయినా ఒకటే అన్న భ్రమను పట్టిక కలిగిస్తుంది. మొదటి రెండూ రోగి చెప్పుకొనేవి. మూడవది చూసేవారు ఊహించేది.

హెర్నియా శస్త్రచికిత్స జరిగిన నాలుగేళ్ల బాలుణ్ణి ఉదాహరణగా తీసుకోవచ్చు. 1997లో వెలువడిన ఫ్లాక్ కొలమానం ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపు అనే ఐదంశాలకు 0 నుంచి 2 వరకు అంకెలిస్తుంది. బాలుడు అప్పుడప్పుడు మొహం చిట్లిస్తే 1, కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటే 2, మెలికలు తిరుగుతుంటే 1, మూలుగుతుంటే 1, తల్లి నిమిరితే ఊరుకుంటే 1; మొత్తం 6. అదే బాలుడికి వాంగ్-బేకర్ ముఖచిత్రాలు చూపితే నవ్వుముఖంపై వేలు పెట్టవచ్చు. అప్పుడు వచ్చేది 0. ఆ ముఖం అతనికి నచ్చి ఉండవచ్చు, సూదికి భయపడి ఉండవచ్చు. 2001 నాటి సవరించిన ముఖచిత్రాల కొలమానంలో నవ్వూ కన్నీళ్లూ లేకపోవడానికి కారణం ఇదే: నొప్పిని సంతోష దుఃఖాలతో కలపకూడదు. బోధనపత్రం మాత్రం “నీ ముఖం ఎలా ఉంది?” అని అడగమంటుంది. “ఎంత నొప్పిగా ఉందో చూపించే ముఖం ఏది?” అని అడగాలి.

6కూ 0కూ మధ్య వైరుధ్యం వచ్చినప్పుడు ఏం చేయాలో పత్రంలో లేదు. ప్రవర్తన అంకె ఆకలిని, భయాన్ని కూడా కలుపుకొంటుంది. కాబట్టి తల్లి ఒడిలో ఉంచి, ప్రశ్నను సరిగా అడిగి, మళ్లీ కొలవాలి. అంకె తగ్గకపోతే నొప్పిగానే భావించి మందిచ్చి, అది పనిచేసే వేళకు మరోసారి చూడాలి. కదిలితే నొప్పి పెరుగుతుందని కదలకుండా పడుకున్న బిడ్డకు ఫ్లాక్ తక్కువ అంకె ఇస్తుందన్న హెచ్చరిక కూడా ఇక్కడ ఉండవలసింది.

సంఖ్యా కొలమానం విషయంలో పత్రం మరీ క్లుప్తం. బడిపిల్లలకు “పదికి పది” అంటే మంచి మార్కులు. 10 అంటే భరించలేని నొప్పి అని ముందే చెప్పకపోతే జవాబు తలకిందులవుతుంది. పైగా సలుపు, పోటు, మంట, తీపు అన్న తేడాలు ఏ అంకెలోనూ నిలవవు. వాటిని విడిగా రాసుకోవాలి.

అసలు లోపం చివరి వరుసలో ఉంది. అరవై దాటినవారందరికీ సంఖ్యా కొలమానమే సూచించారు. మతిమరుపు ముదిరి మాట పోయిన వృద్ధురాలు అంకె చెప్పలేదు. ఊపిరి, మూలుగు, ముఖకవళిక, శరీర భంగిమ, ఊరడింపులను చూసే పెయినాడ్ 2003 నుంచి అందుబాటులో ఉంది. కొలమానాన్ని నిర్ణయించవలసింది రోగి చెప్పగలిగిన స్థితి. వయసు దానికి తొలి ఆనవాలు మాత్రమే.