పాత నేస్తానికి కొత్త జాబు

మా అక్క 1998లో తెనాలి దగ్గరి ఒక పల్లెటూరి హైస్కూల్లో పదో తరగతి పూర్తిచేసింది. ఆ ఏడాది వరకూ పక్కన కూర్చున్న నేస్తం నంబరు మొన్న సంక్రాంతికి దొరికింది. దొరికిన రాత్రే వాట్సాప్‌లో ఒక మెసేజ్ రాసి, పంపకుండా నాకు చూపించింది.

“హాయ్, ఎలా ఉన్నావు? నేను నీ చిన్ననాటి స్నేహితురాలిని. గుర్తున్నానా? మన బాల్యస్మృతులు ఎంతో మధురమైనవి. ఇన్నేళ్లుగా సంప్రదించలేకపోయినందుకు క్షమించండి. ఎక్కడ ఉంటున్నారు? ఏం చేస్తున్నారు? పిల్లలెంతమంది? వీలైనప్పుడు ఫోన్ చేయగలరు.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా మా అక్క గొంతు ఎక్కడా వినిపించదు. “ఎలా ఉన్నావు” అని మొదలైన మనిషి నాలుగు వాక్యాలు దాటేసరికి “క్షమించండి” దగ్గరికి వచ్చేసింది. నువ్వా, మీరా అన్నది తేల్చుకోకపోతే తెలుగులో ఏ జాబూ నిలబడదు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఆడపిల్లల మధ్య ఆనాటి పిలుపే సరైనది. “మీరు” అంటే మర్యాద కాదు, దూరం పెట్టినట్టు. క్లాసులో ఉన్నా ఆ రోజుల్లో మాట్లాడుకోని ఆడ, మగ మధ్య అయితే మాత్రం “మీరు” అనడమే మంచిది.

ఇక “గుర్తున్నానా?” అన్న ప్రశ్న. అవతలి మనిషికి అదొక పరీక్ష. గుర్తురాకపోతే సిగ్గుపడి జవాబే ఇవ్వదు. గుర్తుపట్టే ఆనవాలు మనమే ఇవ్వాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది కాబట్టి పేరొక్కటే చాలదు. ఏ వీధి, ఎవరింటి అమ్మాయి అన్నది రాయాలి. నంబరు ఎవరిచ్చారో కూడా మొదట్లోనే చెప్పాలి. తెలియని నంబరు నుంచి ఆప్యాయంగా మెసేజ్ వస్తే ఈ రోజుల్లో అందరికీ అనుమానమే.

అన్నిటికంటే బరువైనవి చివరి ప్రశ్నలు. పిల్లలెంతమంది అని మనం మామూలుగానే అడుగుతాం. పిల్లలు లేనివారికి, భర్త పోయినవారికి ఆ మాట ఎక్కడ తగులుతుందో అడిగేవారికి తెలియదు. పాత జాబులు ఈ చిక్కును చక్కగా దాటేవి. “ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను” అని ముందు తమ సంగతి చెప్పి, తర్వాత అవతలివారి మేలు కోరి ఊరుకునేవారు. ఆరా తీసేవారు కాదు. “ఉభయకుశలోపరి” అని ఇప్పుడు రాస్తే నాటకంలా ఉంటుంది, నిజమే. మాట పాతబడినా ఆ వరస పాతబడలేదు.

మిగిలింది “బాల్యస్మృతులు”. అది ఎవరు ఎవరికైనా రాయగల మాట. ఇద్దరికే తెలిసిన చిన్న సంగతి ఒకటి కావాలి. అంత చిన్నది ఏముందని మా అక్కను అడిగితే పాత ట్రంకుపెట్టె తెరిచింది. తన సోషల్ నోట్సు తీసింది. జ్వరమొచ్చి బడికి పోని వారం అందులో ఆ నేస్తమే పాఠం రాసిపెట్టింది. “తుంగబద్ర” అని ఉన్నచోట సారు ఎర్ర ఇంకుతో “బ” కింద ఒత్తు పెట్టారు. మెసేజ్ ఆ పేజీ దగ్గర మలుపు తిరిగింది.

“ఏమే, నేను, సైకిల్ షాపు వాళ్ల పెద్దమ్మాయిని. పండక్కి ఊరెళితే మీ చిన్నాన్నగారు నీ నంబరిచ్చారు. నాకు జ్వరమొచ్చినప్పుడు నువ్వు రాసిచ్చిన సోషల్ నోట్సు ఇంకా నా దగ్గరే ఉంది. ఫొటో పెడుతున్నా, తుంగభద్ర చూడు. నేను గుంటూరులో ఉంటున్నా, బాగున్నాను. నువ్వూ బాగున్నావనుకుంటా. ఈ పేజీ చూస్తే నీతో మాట్లాడాలనిపించింది. తీరిక దొరికినప్పుడే రాయి.”

క్షమాపణ తీసేశాం. ఇరవై ఏళ్ల పైబడిన మౌనంలో తప్పు ఒకరిదే కాదు. అడిగితే అవతలి మనిషి కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. చివరి వాక్యంలో “తీరిక దొరికినప్పుడే” అని కావాలనే పెట్టాం. ఫోన్ చేయమంటే వెంటనే తేల్చాల్సిన పని అవుతుంది. రాయమంటే ఆగవచ్చు. ఏదైనా సాయం అడగాలని ఉంటే దాన్ని మాత్రం ఈ తొలి జాబులో దాచి పెట్టకూడదు. ముందే సూటిగా చెప్పాలి, లేదా ఆ పని మరొకరితో చేయించుకోవాలి. రెండో మెసేజ్‌లో బయటపడితే మొదటిదంతా ఎరలా కనిపిస్తుంది.

పంపేముందు అక్క దాన్ని పైకి చదివింది. బస్టాండులో ఎదురుపడితే ఇలాగే అంటావా అని అడిగాను. ఎక్కువైన మాటలు రెండు కొట్టేసి, అవును అంది. నీలం టిక్కులు పడ్డాక కూడా జవాబు రాకపోతే ఉగాదికి ఒక్కసారి పలకరించి ఆపేయాలని ముందే అనుకున్నాం. ఇష్టం లేకపోవడం కూడా ఆమె హక్కే.

జవాబు నాలుగో రోజున వచ్చింది. “ఆ ఒత్తు ఇప్పటికీ మర్చిపోతుంటానే” అని ఉంది.