తడిసినవాళ్ళ పాట, తడవనివాళ్ళ పాట

వాన మొదలవగానే ఫోన్‌లో వానపాటల ప్లేలిస్ట్ ఏదో ఒకటి పెట్టుకుని, టీ కప్పుతో బాల్కనీలోకి వెళ్ళి కూర్చోవడం ఇప్పుడు మనలో చాలామందికి అలవాటే. ఆ ప్లేలిస్టుల్లో ఒక ఇబ్బంది ఉంది. చినుకు అన్న మాట వినిపిస్తే చాలు, ఏ పాటనైనా అందులో వేసేస్తారు. తడిసి ముద్దయినవాళ్ళ పాటా, చూరు కింద నిలబడి వాన చూస్తున్నవాళ్ళ పాటా పక్కపక్కనే వస్తాయి. వింటున్న మనం మాత్రం ఒకే చోట ఉంటాం, పొడిగా. ఎదురుగా వాన, చేతిలో వేడి కప్పు, మీద చుక్క తడి లేదు. అక్కడ కూర్చుని వినడానికి ఏ పాట కుదురుతుంది, ఏది కుదరదు అన్నదే ఇక్కడ ప్రశ్న. దీనికి జవాబు వరసలో కన్నా పాటలోని క్రియాపదాల్లో ఎక్కువ దొరుకుతుందని నాకనిపిస్తుంది. మూడు పాటలు తీసుకుని చూద్దాం.

మొదటిది 1964లో వచ్చిన 'ఆత్మబలం'లోని 'చిటపట చినుకులు'. ఆత్రేయ రాశారు, కె.వి. మహదేవన్ స్వరపరిచారు, ఘంటసాల, సుశీల పాడారు. వి. మధుసూదనరావు దర్శకత్వంలో అక్కినేని, బి. సరోజాదేవి నటించారు. మన వానపాటలన్నిటికీ పెద్దక్కలాంటి పాట. ఎన్నిసార్లు విన్నా మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ పాటలో ఎవరూ తడిశామని చెప్పరు. పాదం వెనక పాదం 'ఉంటే' అన్న మాట దగ్గరే ఆగుతుంది. చినుకులు పడుతూ ఉంటే, ఇష్టమైన మనిషి పక్కనుంటే, చేతులు పట్టుకుని చెట్టునీడకి పరిగెడుతుంటే. అన్నీ షరతులే. ఆ షరతులన్నిటికీ కలిపి ఇచ్చే ఫలితం కూడా చిన్నదే, వెచ్చగా ఉంటుందట. వానపాట చెప్పే సుఖం తడి కాదు, వెచ్చదనం!

'చిటపట' అన్న మాట దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. తెలుగులో వాన పడటానికి చాలా మాటలున్నాయి. తుంపర, జల్లు, ముసురు, కుండపోత. చిటపట వీటన్నిటికన్నా ముందుది. ఎండుటాకుల మీద, రేకు మీద మొదటి పెద్ద చినుకులు విడివిడిగా పడేటప్పటి చప్పుడు. అది రెండు మూడు నిమిషాలకన్నా ఉండదు. బట్టలు ఇంకా తడవవు, పరిగెత్తితే చెట్టు అందుతుంది. ఆత్రేయ తన పాటని సరిగ్గా ఆ రెండు నిమిషాల్లో నిలబెట్టారు. తర్వాతి చరణాల్లో ఉరుములొస్తాయి, మెరుపు వెలుతురులో అవతలి మనిషి కళ్ళు కనబడతాయి, కారుమబ్బులు కమ్మి ఇంకెవరూ కంటికి ఆనకుండా పోతారు. లోకంలో ఉన్నది ఇద్దరమే అని 'అనుకోవడం' వస్తుంది. ఆఖరికి చలి వస్తుంది, గుండెలో ఉన్న సెగనే చలిమంట అనుకోవడం వస్తుంది. ఒక్కో చరణానికీ వాతావరణం ముదురుతోంది కానీ, మనుషులు మాత్రం ఊహలోనే ఉన్నారు. 'మనం' అన్న మాట కూడా 'అనుకోవడం' లోపలే దొరుకుతుంది.

మహదేవన్ సాధారణంగా ముందు పాట రాయించుకుని, దానికి వరస కట్టే మనిషి. ఆ పద్ధతి ఇక్కడ బాగా పనికొచ్చింది. వాక్యం 'ఉంటే' దగ్గర వేలాడితే వరస కూడా అక్కడ ముగిసిపోదు, ఇంకేదో రావాలన్నట్టు ఎదురుచూస్తుంది. ఆ హాయిని చెప్పే చోటికి వచ్చాకే ఊపిరి తీసుకుంటుంది. నడక చురుగ్గా ఉంటుంది, చెట్టు దాకా పరిగెత్తాలి కదా మరి. ఈమధ్య పాత పాటల్ని సాగదీసి, ప్రతిధ్వని కలిపి, వెనకాల వాన చప్పుడు అతికించి పెడుతున్నారు. అలాంటి పని ఈ పాటకి చేస్తే పరుగు పోతుంది, పరుగుతోపాటు షరతూ పోతుంది. మిగిలేది ఒట్టి దిగులు. ఆ దిగులు ఆత్రేయది కాదు, సాఫ్ట్‌వేర్‌ది.

తెరమీద వాన పడుతూనే ఉంటుంది కదా, అక్కినేని, సరోజాదేవి అందులోనే ఉన్నారు కదా అనొచ్చు. నిజమే. కానీ ఆ వాన బొమ్మలో ఉంది, మాటల్లో లేదు. బొమ్మ తీసేసి వింటే ఈ పాట వానలో లేని ఇద్దరు వాన గురించి అనుకుంటున్నదిగా నిలబడుతుంది. బాల్కనీలో కూర్చున్న మనమూ చేస్తున్నది అదే పని. అందుకే అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ కుర్చీలో ఇది ఇంత హాయిగా ఇముడుతుంది.

రెండో పాట 1979 నాటి 'వేటగాడు'లోని 'ఆకుచాటు పిందె తడిసె'. వేటూరి రచన, చక్రవర్తి సంగీతం, బాలసుబ్రహ్మణ్యం, సుశీల గాత్రం, కె. రాఘవేంద్రరావు దర్శకత్వం. అదే సుశీల, పదిహేనేళ్ళ తర్వాత. ఈ పాట పేరులోనే తేడా బయటపడుతుంది. 'తడిసె'. పని అయిపోయింది, షరతు లేదు, పరుగు లేదు, చెట్టు కిందకి వెళ్ళాలన్న తొందర అసలే లేదు. ఆకు వెనక దాక్కున్న పిందెకి కూడా వాన తగిలింది అంటే, దాక్కోవడం ఇక కుదరదు అని. వేటూరి పదం ఎంత అందంగా పడిందో, అంత స్పష్టంగా అది ఒక చూపు కూడా. చాటున ఉన్నదాన్ని వెతికి చూసే చూపు.

ఈ పాట వింటే నాకూ కాలు ఊగుతుంది, అందులో దాచాల్సింది ఏమీ లేదు. చక్రవర్తి లయకి ఊగని కాలు అరుదు. కానీ దీన్ని 'నోస్టాల్జియా' అన్న అరలో పెట్టి, కళ్ళు మూసుకుని టీ తాగుతూ వినేటప్పుడు మనం ఒక సంగతిని పక్కన పెడుతున్నాం. అప్పటికి ఎన్టీఆర్‌కి యాభై ఆరేళ్ళు, శ్రీదేవికి పదహారు దగ్గర. ఏడేళ్ళ ముందు 'బడిపంతులు'లో ఆ అమ్మాయి ఆయనకి మనవరాలిగా నటించింది. చూడకుండా వింటున్నాం కాబట్టి ఇదంతా అడ్డురాదని అనుకుంటాం. అడ్డొస్తుంది, ఎందుకంటే పిందె అన్న మాట బొమ్మలో లేదు, పాటలోనే ఉంది. కాయ కూడా కానిది పిందె. కళ్ళు మూసుకున్నా చెవులు ఆ చూపుని వింటూనే ఉంటాయి. పాటని నిషేధించమనడం లేదు. తడిసినవాళ్ళని చూస్తున్నవాడి పాటని, వాన చూస్తున్నవాడి పాటగా పొరబడొద్దు అంటున్నాను. బాల్కనీ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఈ తేడా ఇంకా ముఖ్యం, ఎందుకంటే మనమూ పొడిగా కూర్చుని చూస్తున్నవాళ్ళమే.

తడిసినవాళ్ళని అలా చూడకుండా కూడా చూపించవచ్చా? చూపించవచ్చు. అదే 1979లో బొంబాయిలో చేసి చూపించారు. హైదరాబాద్ బాల్కనీల్లో తెలుగు పాటలతో సమానంగా వినిపించే 'రింఝిమ్ గిరే సావన్' సంగతి ఇది. సినిమా 'మంజిల్', దర్శకుడు బాసు ఛటర్జీ, పాట యోగేశ్‌ది, సంగీతం ఆర్.డి. బర్మన్. ఒకే పల్లవి, ఒకే వరస, సినిమాలో రెండుసార్లు వస్తుంది. ఒకటి కిశోర్ కుమార్ గొంతులో ఇంటి లోపల, అతిథుల మధ్య. ఇంకొకటి లతా మంగేశ్కర్ గొంతులో, బొంబాయి వీధుల్లో, నిజమైన వానలో.

చరణాలు వేరు. కిశోర్ చరణాలు గదిలో ఉన్న మనిషివి. చినుకుల చప్పుడు అతనికి మువ్వల్లా వినిపిస్తుంది, అంటే వానని అతను చూడటం లేదు, వింటున్నాడు. ఇంతమంది ముందు ఎవరికి చెప్పుకోవడం, ఈ మనసు ఎవరో తెలియని మనిషికి ముడిపడుతోందని, అన్నది అతని బాధ. ఇది పూర్తిగా పొడిచోటి పాట. చెప్పాలనుంది, చోటు కాదు. ఆత్రేయ 'ఉంటే'కి దగ్గరి చుట్టం.

లత పాటలో అమితాబ్, మౌసమీ ఛటర్జీ తడుస్తూ నడుస్తారు. అతను సూటూ టైతో, ఆమె చీరతో. పెదవులు కదలవు, పాట వెనకనుంచి వస్తుంది. కాబట్టి వాళ్ళు మనకోసం పాడటం లేదు, ఆడటం లేదు, నడుస్తున్నారంతే. చాలాచోట్ల కెమెరా దూరంగా ఉంటుంది. నగరం వాళ్ళకన్నా పెద్దగా కనిపిస్తుంది, గొడుగులేసుకున్న జనం వాళ్ళ పనుల మీద వాళ్ళు పోతుంటారు. దాదాపు బాల్కనీలోంచి కనిపించే దృశ్యం అది. ఎవరో ఇద్దరు తడుస్తున్నారు, వాళ్ళ మాటలు మనకి వినపడవు.

ఆ చరణాల్లో ఆమె అనేదేమిటంటే, మబ్బులు ఇంతకుముందూ కురిశాయి, కొంగు ఇంతకుముందూ తడిసింది, మరి ఈ ఏడు మాత్రం ఎందుకిలా అని. పాత వానని ఇప్పటి వాన పక్కన పెట్టి చూడటం. నోస్టాల్జియా అంటే మనం మామూలుగా పాత రోజులే బాగుండేవి అనుకుంటాం. యోగేశ్ తిరగేశారు. పాత వానలు మామూలువి, ఈ వానే వేరు. గతం ఇక్కడ కొలబద్ద మాత్రమే. 'తడిసింది' అన్న భూతకాలం వేటూరిలోనూ ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ చూస్తున్నవాడు చెప్పాడు, ఇక్కడ తడిసిన మనిషే తన గురించి చెప్పుకుంటోంది. అన్నిటికన్నా పెద్ద తేడా అదే.

కథ తెలిస్తే ఈ నడకలో ఇంకో పొర కనిపిస్తుంది. 'మంజిల్' మృణాల్ సేన్ 1965లో తీసిన 'ఆకాశ్ కుసుమ్' మీద ఆధారపడింది. అబ్బాయి తాను ధనవంతుణ్ణని అబద్ధం చెప్పి ఆమెకి దగ్గరవుతాడు. ఆ సూటు కూడా ఆ అబద్ధంలో భాగంలాగే కనబడుతుంది. వాన దాన్ని ముద్ద చేసేస్తుంది, అతను పట్టించుకోడు. ఆ కాసేపు నటించాల్సిన పని లేదు. పాట అయ్యాక మళ్ళీ ఉంది.

కాబట్టి ఈసారి వాన మొదలైనప్పుడు వరస కొంచెం మార్చి చూడండి. మొదటి చినుకులకి 'చిటపట చినుకులు', అది కూడా సాగదీయని అసలు రికార్డింగు. వాన నిలకడగా పట్టుకున్నాక, ఏదీ స్పష్టంగా కనబడనప్పుడు కిశోర్. తగ్గుముఖం పట్టి, కింద రోడ్డు మీద మనుషులు మళ్ళీ నడవడం మొదలుపెట్టాక లత. 'ఆకుచాటు'ని పెళ్ళి ఊరేగింపులో బ్యాండు వాయిస్తుంటే వినండి, అక్కడ మాటలు వినిపించవు, చక్రవర్తి ఒక్కడే వినిపిస్తాడు.